టునీషియా, ఈజిప్టులను పోల్చి నేను తిన్న అక్షింతలు

ప్రశ్న: పొలిటికల్ సైన్స్ పేపర్ కోసం రెండు దేశాలను పోల్చాలి. ఏ రెండు తీసుకోవాలో, "ఇవే ఎందుకు" అని అడిగితే ఏం రాయాలో తెలియట్లేదు. ఇలాంటి పేపర్ రాసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాసినవాణ్నే. రాసి తిట్లు తిన్నవాణ్ని కూడా, కాబట్టి ఆ తిట్ల సంగతే చెప్తాను.

నా మొదటి పేపర్ టునీషియా, ఈజిప్టుల మీద. 2011 జనవరి 14న ప్రజల తిరుగుబాటుకి తట్టుకోలేక అధ్యక్షుడు బెన్ అలీ టునీషియా వదిలి పారిపోయాడు. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 11న, ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. ఈజిప్టులో ఎన్నికల్లో గెలిచిన ముర్సీని 2013 జులై 3న సైన్యం దించేసింది. టునీషియా మాత్రం కిందా మీదా పడి 2014 జనవరిలో కొత్త రాజ్యాంగం ఆమోదించుకుంది. ఇంత తేడా ఎందుకొచ్చింది అన్నది నా ప్రశ్న. నా జవాబు కార్మిక సంఘాలు. టునీషియాలో యూజీటీటీ అనే సమాఖ్య ఉంది. 1946లో పుట్టింది, స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొంది, నియంతృత్వం కాలంలోనూ ఎంతో కొంత సొంత గొంతు నిలబెట్టుకుంది. ఈజిప్టులోనూ 1957 నుంచి ఒక సమాఖ్య ఉంది కానీ అది ప్రభుత్వం చెప్పుచేతల్లోది.

ఇక "ఇవే ఎందుకు" అన్న సెక్షన్. అక్కడ అందంగా ఒక పట్టిక గీశాను. రెండూ ఉత్తర ఆఫ్రికా దేశాలు, రెండూ అరబ్బీ మాట్లాడేవి, రెండింటిలో ముస్లింలే అధికులు, రెండు చోట్లా దశాబ్దాల ఏకవ్యక్తి పాలన, ఒకే చలికాలంలో తిరుగుబాటు, ఆ తర్వాతి ఎన్నికల్లో ఇస్లామిస్టు పార్టీలదే పైచేయి. పోలికలు ఆరు, తేడా ఒక్కటి. జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో చెప్పిన భేద పద్ధతి ప్రకారం ఆ ఒక్క తేడాయే కారణం అని తేల్చేసి, జర్నల్‌కి పంపి హాయిగా నిద్రపోయాను.

(పక్కమాట ఒకటి. మిల్‌ని మూడు పేజీలు ఉటంకించేవాళ్లంటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. రాజకీయాల్లాంటి చోట, అన్నీ సమానంగా ఉండి ఒక్కటే తేడాగా ఉండే జంట దొరకదు, ఈ పద్ధతి అక్కడ పనిచేయదు అని అదే పుస్తకంలో మిల్లే చెప్పాడు. ఆ భాగం దాకా ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.)

రివ్యూయర్ రాసింది రెండే వాక్యాలు. "మీ పట్టికలో సైన్యం ఏది? లేకపోవడానికి కారణం అది రెండు దేశాల్లో ఒకేలా లేకపోవడమేనా?"

రెండు రోజులు ఆ మనిషిని తిట్టుకున్నాను. మూడో రోజు నా పట్టిక మళ్లీ చూస్తే సిగ్గేసింది. నేను పోలికలు ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకున్నాను తప్ప, ఏ పోలిక కావాలో ముందు ఆలోచించలేదు. రెండు దేశాలూ అరబ్బీ మాట్లాడతాయి, సరే. భాష వల్ల సైనిక కుట్ర జరుగుతుందని వాదించిన వాళ్లెవరైనా ఉన్నారా? లేరు. అలాంటప్పుడు ఆ వరస పట్టికలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రెండు కేసులు ఒకేలా ఉన్నాయని చెప్పడం వల్ల కలిగే లాభం ఒక్కటే: ఎవరైనా "అసలు కారణం అది కాదు, ఇది" అంటే, "ఆ 'ఇది' రెండు చోట్లా ఉంది, ఫలితం మాత్రం వేరుగా వచ్చింది, కాబట్టి అది ఒక్కటే ఈ తేడాని వివరించలేదు" అని జవాబివ్వగలగడం. ఎదుటివాడు తేని కారణాన్ని కొట్టేసి లాభం లేదు.

అందుకని పట్టికని తిరగేసి రాశాను. ముందు, ఈ రెండు దేశాల గురించి ఇప్పటిదాకా రాసినవాళ్లు ఏయే కారణాలు చెప్పారో ఎడమవైపు ఒక వరసలో పెట్టాను. ప్రతి కారణం ఎదురుగా టునీషియాలో పరిస్థితి, ఈజిప్టులో పరిస్థితి రాసుకున్నాను. మతం రెండు చోట్లా దాదాపు ఒకటే, పోయింది. నియంత కూలిన తీరు దగ్గర దగ్గరగా ఉంది, ఇంచుమించు పోయింది. సైన్యం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. ఈజిప్టు సైన్యం పెద్దది, దానికి సొంత ఫ్యాక్టరీలు, వ్యాపారాలు ఉన్నాయి, ముబారక్ దిగాక దాదాపు ఏడాదిన్నర నేరుగా దేశాన్ని ఏలింది కూడా. టునీషియా సైన్యం చిన్నది. తొలి అధ్యక్షుడు బుర్గీబా, ఆ తర్వాత బెన్ అలీ, ఇద్దరూ దాన్ని కావాలనే రాజకీయాలకు దూరంగా ఉంచారు. ఇంకో తేడా కూడా బయటపడింది. టునీషియాలో ఇస్లామిస్టు పార్టీ ఎన్నహ్దాకి 217 సీట్లలో 89 వచ్చాయి, మెజారిటీ రాలేదు కాబట్టి రెండు సెక్యులర్ పార్టీలతో పొత్తు తప్పలేదు. ఈజిప్టు తొలి పార్లమెంటులో ముర్సీ వచ్చిన ముస్లిం బ్రదర్‌హుడ్, ఇంకో ఇస్లామిస్టు వర్గమైన సలఫీలు కలిస్తే మూడింట రెండొంతులు దాటారు.

అంటే నేను ఒకటే అనుకున్న తేడా కనీసం మూడయ్యింది. కేసులు రెండు, తేడాలు మూడు. ఏ తేడా పనిచేసిందో ఈ పట్టిక ఎన్నటికీ చెప్పలేదు. ఇది నా పేపర్ ఒక్కదాని జబ్బు కాదు. రెండు దేశాల పేపర్లలో నేను చూసినవాటికి చాలావరకు ఇదే జబ్బు, కాకపోతే రెండో తేడా, మూడో తేడా పట్టికలోకి రాకుండా జాగ్రత్తపడతారు.

అందరూ ఇచ్చే సలహా మూడో దేశం కలుపు అని. కలిపాను. లిబియా. అది పక్కనే ఉంది, అక్కడా అదే ఏడాది తిరుగుబాటు వచ్చింది. మా గైడ్ ఆ డ్రాఫ్ట్ చదివి, "మోకాలికీ బోడిగుండుకీ ముడి వేశావు నాయనా" అన్నారు. నిజమే. లిబియాలో చమురు డబ్బు, నాటో బాంబులు, అంతర్యుద్ధం. అన్నీ ఒకేసారి మారిపోయిన చోట మీరు ఏ కారణాన్నీ కొట్టేయలేరు. కేసు పెరిగింది కానీ సమాచారం పెరగలేదు. మూడో కేసు అంటే నా వాదాన్ని ఇబ్బంది పెట్టగలిగేది కావాలి: యూనియన్ బలంగా ఉండాలి, సైన్యం మాత్రం వేరుగా నడుచుకుని ఉండాలి.

అది వేరే దేశంలో దొరకలేదు. టునీషియాలోనే, 1978లో దొరికింది. ఆ ఏడాది జనవరి 26న యూజీటీటీ సార్వత్రిక సమ్మెకు పిలుపిచ్చింది. బుర్గీబా ప్రభుత్వం సైన్యాన్ని వీధుల్లోకి దించింది, కాల్పుల్లో చాలామంది చనిపోయారు, యూనియన్ నాయకులు జైలుకి పోయారు. ఆ రోజుని అక్కడ బ్లాక్ థర్స్‌డే అంటారు. సంఘం అదే, చరిత్ర అదే, దేశం అదే, కానీ సైన్యం పాలకుడి వైపు నిలబడింది. 1978లో నడుస్తున్నది ఏకపార్టీ పాలన, 2013లో నడుస్తున్నది ఎన్నికైన సభ, కాబట్టి ఇది కూడా నిఖార్సైన జంట కాదు. అయినా ఒక్క పనికి సరిపోయింది. "బలమైన యూనియన్ ఉంటే చాలు" అన్న నా పాత వాక్యం తప్పని అది తేల్చేసింది. దాంతో వాదాన్ని కుదించుకున్నాను: సైన్యం జోక్యం చేసుకోకుండా పక్కకి తప్పుకున్న పరిస్థితిలో పార్టీల మధ్య ప్రతిష్టంభన వస్తే, అందరూ లెక్కచేసే యూనియన్ మధ్యవర్తిగా పనికొస్తుంది. చిన్న వాదమే. కానీ నా చేతిలో ఉన్న సాక్ష్యాలు మోయగలిగింది అంతే.

ఈ మధ్యవర్తిత్వం నిజంగా జరిగిందని చూపించడానికి దేశాల పోలిక పనికిరాదు. 2013లో టునీషియా లోపలికి వెళ్లాలి. ఫిబ్రవరి 6న ప్రతిపక్ష నేత షుక్రీ బెలయీద్‌ని చంపారు, రెండు రోజుల్లో యూజీటీటీ సార్వత్రిక సమ్మె చేసి దేశాన్ని ఆపేసింది. జులై 25న మొహమ్మద్ బ్రాహ్మీని చంపారు, రాజ్యాంగ సభ పని ఆగిపోయింది. అప్పుడు యూజీటీటీ, యజమానుల సంఘం, మానవ హక్కుల సంఘం, లాయర్ల సంఘం కలిసి రాజీ పత్రం తయారుచేశాయి. చర్చకు కూర్చోవాలంటే పార్టీలు ముందు ఆ పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. అక్టోబర్ 5న పెట్టించారు. దిగిపోవడం ఇష్టంలేని ఎన్నహ్దా ప్రభుత్వం చివరికి దిగిపోయింది. నా వాదం తప్పయితే ఈ వరస ఇలా ఉండకూడదు: యూనియన్ ఒత్తిడి కంటే ముందే ఎన్నహ్దా దిగిపోవడానికి సిద్ధపడి ఉండాలి.

ఇక్కడే రివ్యూయర్ రెండో దెబ్బ వేశాడు. తేదీలు చూడమన్నాడు. ఈజిప్టులో కుట్ర జులై 3. టునీషియాలో సంక్షోభం జులై 25. మూడు వారాల ముందు కైరోలో తమలాంటి పార్టీకి ఏ గతి పట్టిందో ఎన్నహ్దా నాయకులు టీవీల్లో చూశారు కదా, మరి వాళ్లని వంచింది యూనియనా, ఆ భయమా? నేను రెండు దేశాలనీ రెండు వేరువేరు గాజు పాత్రల్లో పెట్టిన ద్రవాల్లా చూస్తున్నాను. నిజానికి ఒకటి రెండోదానిలోకి కారుతోంది. దీన్ని గాల్టన్ ప్రాబ్లం అంటారు, ఎప్పుడో 19వ శతాబ్దం చివర్లో ఎత్తిన అభ్యంతరం. ఒకే ప్రాంతం, ఒకే భాష, ఒకే కాలం అని మనం గొప్పగా చెప్పుకునే పోలికలే ఈ లీకేజీకి దారులు. దగ్గరి కేసులు తీసుకుంటే పాత కారణాలు కొన్ని పోతాయి, ఈ కొత్తది వచ్చి చేరుతుంది. నేను చేయగలిగింది ఒక్కటే: ఈజిప్టు భయాన్ని ప్రత్యామ్నాయ కారణంగా పట్టికలో చేర్చడం. భయం ఎన్నహ్దాని మెత్తబరిచి ఉండొచ్చు, కానీ ఆ పత్రంలో ఏముండాలో, ఎవరు ముందు సంతకం చేయాలో భయం నిర్ణయించదు అని రాశాను. పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు.

మీరడిగిన "ఏం రాయాలి"కి వస్తే, మొదటి పేరా నిజాయితీగా రాయండి. నేను టునీషియా ఎంచుకోవడానికి అసలు కారణం నాకు ఫ్రెంచ్ చదవడం వచ్చు, ఆ కాగితాలు నాకు అందుతాయి. అది సిగ్గుపడాల్సిన విషయమేం కాదు, కానీ అది ఎంపికకి కారణం, పోలికకి సమర్థన కాదు. రెండూ వేరువేరు వాక్యాల్లో ఉండాలి. అలాగే గెలిచిన దేశాలనే రెండింటిని తీసుకుని "రెండు చోట్లా యూనియన్లు ఉన్నాయి" అనకండి, ఓడిన చోట యూనియన్లు ఉన్నాయో లేవో చూడకుండా అది దేనికీ రుజువు కాదు.

రివ్యూయర్ చివరి అభ్యంతరం నాకు అప్పట్లో మరీ చాదస్తంగా అనిపించింది. "ఫలితం అంటే ఏమిటి, ఏ తేదీ నాటికి?" అని. విసుక్కుంటూ, "2014 జనవరిలో రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి" అని ఒక ముక్క చేర్చాను. పేపర్ అచ్చయింది. 2021 జులై 25న అధ్యక్షుడు ఖైస్ సయీద్ పార్లమెంటుని స్తంభింపజేశాడు. ఆ రాత్రే నా జూనియర్ ఒకడు ఫోన్ చేసి, "అన్నా, నీ సక్సెస్ కేసు పోయిందిగా" అన్నాడు. ఆ తేదీ ముక్క తీసి చదివి వినిపించాను. వాడు కాసేపు ఆగి, "మరి టైటిల్‌లో?" అన్నాడు. టైటిల్‌లో తేదీ లేదు. "టునీషియా విజయం" అని ఇప్పటికీ అలాగే ఉంది.