‘సారీ ఫర్ యువర్ లాస్’కి తెలుగు మాట కాదు, తెలుగు పలకరింపు కావాలి

ప్రశ్న: మా పెదనాన్న పోయారు. నేను అమెరికాలో ఉన్నాను, ఇప్పట్లో వెళ్ళలేను. రాజమండ్రిలో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేసి ‘సారీ ఫర్ యువర్ లాస్’ అని తెలుగులో ఎలా చెప్పాలి? ఆవిడకి ఇంగ్లీషు రాదు.

ఆ మాటని తెలుగు చెయ్యకండి. చేస్తే ‘మీ నష్టానికి చింతిస్తున్నాను’ అవుతుంది. మనకి నష్టం వ్యాపారంలో వస్తుంది, వానలకి పంట పోతే వస్తుంది. మనిషి పోతే నష్టం అనం, ‘ఆయన లేని లోటు’ అంటాం. ఇక ‘సారీ’ని ‘క్షమించు పెద్దమ్మా’ అన్నారంటే మరీ ఇబ్బంది. ఇంగ్లీషులో ఆ ఒక్క మాటా తప్పు ఒప్పుకోవడానికీ, బాధ పంచుకోవడానికీ సరిపోతుంది. తెలుగులో క్షమించమని అడిగేది తప్పు చేసినవాడే. ‘నువ్వేం చేశావు నాయనా’ అని ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ‘ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాను’ కూడా వద్దు. అది నాయకుల ప్రకటనల్లో, ఫ్లెక్సీల మీద ఉండే భాష. సొంత మనిషి నోట వింటే పరాయితనం కనిపిస్తుంది.

మనవాళ్ళు ఈ పనిని ఏమంటారో గమనించండి. ‘వాళ్ళింటికి పలకరించడానికి వెళ్ళాం’ అంటారు. తెలంగాణలో ‘పలకరియ్యబోయినం’ అంటారు. దారిలో ఎదురైన మనిషిని ‘బాగున్నారా’ అన్నా పలకరింపే, చావు ఇంటికి వెళ్ళి పక్కన కూర్చున్నా పలకరింపే. ఆ రెండోదానికి కట్టుబడిన వాక్యమంటూ లేదు, ఒక వరస ఉంది. మీరు ఫోన్‌లో ఆ వరస పాటిస్తే చాలు.

ముందు ‘హలో’, ‘ఎలా ఉన్నావు’ తీసెయ్యండి. ‘హౌ ఆర్ యూ హోల్డింగ్ అప్’ అని ఇంగ్లీషులో అడగొచ్చు గానీ, ఈ రోజు ‘బాగున్నావా పెద్దమ్మా’ అన్నది గుచ్చుకునే మాట. ఆవిడ ఫోనెత్తగానే ‘పెద్దమ్మా, నేనే’ అని ఆగండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. అవతల ఏడుస్తున్నంతసేపు ఇవతల మాటలు పేర్చక్కర్లేదు. ఇంగ్లీషుకి అలవాటుపడినవాళ్ళు తడబడేది ఇక్కడే, రెండు క్షణాల మౌనానికే గాభరాపడి ఏదో ఒకటి అనేస్తారు. తర్వాత ‘ఎంత పని అయిపోయింది పెద్దమ్మా’ అనండి. ‘వాట్ ఎ వర్క్ హాజ్ హాపెన్డ్’ అని ఇంగ్లీషులో పెడితే అర్థమే ఉండదు, తెలుగులో మాత్రం గుండెలోంచి వచ్చే మాట అదే.

ఆ తర్వాత తప్పకుండా ‘అసలు ఏం జరిగింది?’ అని అడగండి. మొహమాటపడకండి, మన పలకరింపుకి నడుము లాంటి ప్రశ్న అది. ఆవిడ పొద్దున్న కాఫీ తాగడం దగ్గర మొదలుపెట్టి, ఒంట్లో నలతగా ఉందన్నది, ఆటో పిలిచింది, ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి చెప్పింది, అన్నీ చెబుతుంది. వచ్చిన ప్రతి మనిషికీ అదే కథ అదే వరసలో చెప్పి ఉంటుంది. మీకు మీ అమ్మ ముందే చెప్పి ఉన్నా ‘నాకు తెలుసు’ అనకండి. పది మందికి చెప్పుకుంటేనే జరిగింది నిజమని మనసుకి ఎక్కుతుంది. నడుమ ‘అయ్యో’, ‘ఊఁ’ అంటూ వినడమే మీ వంతు.

ఈ ప్రశ్ననే రేపు మీ ఆఫీసులో తల్లి పోయిన సహోద్యోగిని అడిగితే మాత్రం ఆరా తీసినట్టు ఉంటుంది. వాళ్ళతో ‘ఐ వాజ్ సో సారీ టు హియర్ అబౌట్ యువర్ మదర్’ అని ఆపాలి. వాళ్ళు ‘థాంక్యూ’ అంటారు, అంతటితో అయిపోతుంది. పెద్దమ్మ మీకు థాంక్స్ చెప్పదు, మీరూ ఎదురుచూడకండి. అలాగే ‘గుండె రాయి చేసుకోండి’ అన్న మన ఓదార్పుని ఇంగ్లీషులో పెడితే కఠినంగా బతకమన్నట్టు ఉంటుంది.

సెలవు కోసం మేనేజరుకి మెయిల్ రాస్తారేమో, అందుకని ఒక మాట. ‘మై అంకుల్ ఎక్స్‌పైర్డ్’ అని రాయకండి. మన ఇంగ్లీషులో అది మర్యాదే గానీ, అక్కడ ఎక్స్‌పైర్ అయ్యేవి పాలప్యాకెట్లు, పాస్‌పోర్టులు. ‘కాలం చేశారు’ని మక్కికి మక్కి ‘డిడ్ టైమ్’ అంటే జైల్లో ఉండొచ్చారని అర్థం. ‘పాస్డ్ అవే’ చాలు. అంతకంటే పెద్ద చిక్కు ‘అంకుల్’తోనే. పెదనాన్నలో నాన్న ఉన్నాడు, అంకుల్‌లో లేడు. అక్కడ చాలా కంపెనీల్లో ఇలాంటి సెలవు తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల లాంటి బాగా దగ్గరివాళ్ళ వరకే వర్తిస్తుంది. అందుకని ‘మై ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్’ అని రాసి, మీరు ఆయన దగ్గర పెరిగి ఉంటే ఆ ముక్క కూడా ఒక వాక్యంలో చేర్చండి. సెలవు రాకపోయినా ఎవరు పోయారో అవతలివాళ్ళకి తెలుస్తుంది.

మళ్ళీ ఫోన్ దగ్గరికి వద్దాం. ఆవిడ చెప్పడం అయ్యాక పెదనాన్నది చిన్న జ్ఞాపకం ఒకటి మీరు చెప్పండి. ‘చాలా మంచివారు’ అన్నది ఎవరైనా అంటారు. ‘సెలవులకి వస్తే రైలు దిగేసరికి స్టేషన్లో నిలబడి ఉండేవారు’ లాంటిది మీరే చెప్పగలరు. తర్వాత ‘ఏమన్నా తిన్నావా?’ అని అడగండి. లేదంటుంది. ‘రెండు ముద్దలైనా తిను పెద్దమ్మా, నువ్వు పడిపోతే ఎలా’ అనండి. ఇంగ్లీషులో ‘లెట్ మీ నో ఇఫ్ యూ నీడ్ ఎనీథింగ్’ అనేచోట మనం అన్నం గురించి అడుగుతాం. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అంటే పెద్దవాళ్ళు ఎప్పటికీ అడగరు. చెయ్యగలిగింది ఉంటే పక్కన ఉన్న అన్నయ్యతో విడిగా మాట్లాడి చెయ్యండి.

ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ఉత్త ‘రిప్’ పెట్టకండి. లాటిన్ ప్రార్థనలోంచి వచ్చిన మాట అది, పోయినవారు ప్రశాంతంగా విశ్రమించాలని. మన ఇళ్ళలో కోరుకునేది సద్గతి, క్రైస్తవులైతే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ఆ మూడక్షరాలు చూసి పెద్దమ్మ ఎవరినో అర్థం అడగాల్సిన పరిస్థితి తేవద్దు.

చివరగా, ఫోన్ పెట్టేటప్పుడు ‘థాంక్స్, బై’ వద్దు. ‘రేపు మళ్ళీ చేస్తా పెద్దమ్మా’ అని నిజంగా మర్నాడు చెయ్యండి. ఫోన్‌లో ఈ మాట తప్పులేదు గానీ, తర్వాత ఎప్పుడైనా చావు ఇంటికి మనిషిగా వెళ్తే మాత్రం జాగ్రత్త. మామూలు రోజున ‘వెళ్తున్నా’ అంటే తప్పు, ‘వెళ్ళొస్తా’ అనాలి, తెలంగాణలో ‘పోయొస్త’ అంటారు. మళ్ళీ వస్తానన్న మాటతోనే గడప దాటుతాం. ఆ ఇంట్లో అది అనకూడదు, అలాంటి పని మీద మళ్ళీ రావడమంటే ఇంకో చావు కోరినట్టు. ‘సీ యూ సూన్’కి అలవాటుపడ్డ నోరు అక్కడే జారుతుంది. ఏమీ అనకుండా లేవండి, పెద్దమ్మ చెయ్యి ఒకసారి పట్టుకుని వదలండి, చెప్పులు వేసుకుని బయటికి నడవండి. వాళ్ళు ‘వెళ్ళిరా’ అనరు, గుమ్మం దాకా సాగనంపడానికీ రారు. కోపం వచ్చిందేమోనని వెనక్కి తిరిగి అడగకండి.