మాస్టారికి పంపబోయే మెసేజ్ గురించి

చిన్నా,

సోలార్ పలకలు పెట్టించుకోమని మాస్టారికి పంపబోతున్న మెసేజ్ ముందు నాకు చూపించి మంచి పని చేశావు. అది అలాగే పంపకు. నువ్వు రాసింది ఇదీ:

"సార్, ఇది మూడోసారి మెసేజ్ చేయడం. మీ నుంచి రిప్లై లేదు. ఆఫర్ నెలాఖరు వరకే. సబ్సిడీ ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. ఈరోజు అడ్వాన్స్ ఇస్తే 5,000 తగ్గిస్తాను. కన్ఫర్మ్ చేయండి."

మొదటి మాటే లెక్క అప్పజెప్పినట్టుంది. ఆయన నీకేం బాకీ లేరు కదా, మూడుసార్లు అడిగావని ఎందుకు గుర్తు చేయడం? ఇక ఆ 5,000. ఈరోజు తగ్గించగలిగినవాడివి మొన్న ఎందుకు తగ్గించలేదని ఆయనకు అనిపిస్తుంది. అక్కడితో నీ కొటేషన్ మొత్తం మీద అనుమానం మొదలవుతుంది. సబ్సిడీ మాట మరీ తప్పు. నీకు తెలియని విషయాన్ని పట్టుకుని ఆయన్ని భయపెడుతున్నావు.

నేను మోటార్లు అమ్మిన రోజుల్లో ఒక రైతు ఇంటికి వారంలో మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఆయన ఇంట్లో ఉండి కూడా లేరని చెప్పించాడు. గుమ్మం బయట ఆయన చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. ఆ రైతు మోటారు కొన్నాడు, కానీ నా దగ్గర కాదు. ఆ చెప్పులు నాకింకా గుర్తే.

ఆ రోజు మాస్టారి మేడ మీద మనం ముగ్గురం నిలబడ్డప్పుడు ఆయన ఏమడిగారో గుర్తు తెచ్చుకో. "ఈ ట్యాంకు నీడ పలకల మీద పడదా బాబూ?" అన్నారు. నువ్వు "ఏం ఫర్వాలేదు సార్" అనేసి 3 కిలోవాట్ల ధర చెప్పడం మొదలుపెట్టావు. ఆయన మౌనానికి కారణం అక్కడే ఉందని నా అనుమానం.

ఆ ప్రశ్న చిన్నది కాదు. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో పెట్టారు. చలికాలంలో మధ్యాహ్నం దాటాక సూర్యుడు నైరుతి వైపే ఉంటాడు, నీడ ఈశాన్యంగా సాగి మేడ మధ్యకు వస్తుంది. మన ప్రాంతంలో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా 5 అడుగుల ఎత్తుకు 4 అడుగుల నీడ పడుతుంది, మూడు దాటితే ఇంకా పొడుగు. పలకలన్నీ ఒకే వరుసగా కలిపితే ఒక్క పలక మీద పడే నీడ కూడా మిగతా వాటి ఉత్పత్తిని తగ్గించవచ్చు. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. మళ్లీ వెళ్లి కొలత వేయనక్కర్లేదు, ఆ రోజు తీసిన ఫొటోలూ కొలతలూ నీ దగ్గరే ఉన్నాయి.

ఇంకొకటి. ఆయన చూపించిన బిల్లులో నెలకు 230 యూనిట్లు ఉన్నాయి. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది అనుకుంటే 2 కిలోవాట్లకే నెలకు 240 వస్తాయి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3కి 78,000, 2కి 60,000. ఏసీ కొనే ఆలోచన లేకపోతే ఆయనకు చిన్నదే చాలు. నీ కమీషన్ తగ్గుతుంది, నిజమే. అయినా ఆ మాట ముందుగా నీ నోటి నుంచే రావాలి.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం మాస్టారూ. ట్యాంకు నీడ గురించి ఆ రోజు మీరడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఫొటోలు మళ్లీ చూశాను. చలికాలంలో మధ్యాహ్నం మూడు తర్వాత రెండు పలకల మీద నీడ పడుతుంది. వాటిని తూర్పు గోడ వైపు జరిపితే ఇబ్బంది తగ్గుతుంది, గీసిన బొమ్మ పంపుతున్నాను. మీ బిల్లు చూస్తే ఏసీ పెట్టే ఉద్దేశం లేకపోతే 2 కిలోవాట్లే సరిపోతాయి, ఆ కొటేషన్ కూడా పెట్టాను. మీ అబ్బాయిగారితో నిదానంగా మాట్లాడుకోండి. వద్దనుకుంటే 'వద్దు' అని ఒక్క మాట పెట్టండి చాలు, ఇక ఇబ్బంది పెట్టను."

దీనికి ఆయన వెంటనే బదులివ్వాల్సిన పని లేదు. చదివి ఊరుకున్నా ఆయన ప్రశ్నకు జవాబు చేతికి అందుతుంది. చివరి వాక్యం మాత్రం తీసేయకు. మనవాళ్లు మొహం మీద వద్దనలేక "చూద్దాంలే" అంటారు, ఆ మొహమాటంతోనే తర్వాత ఫోన్ ఎత్తరు. వద్దనే దారి నువ్వే చూపిస్తే ఆయనకు బరువు దిగుతుంది.

కొటేషన్‌కు నిజంగానే గడువుంటే ఆ తేదీని అందులోనే రాయి, మెసేజ్‌లో కాదు. అబ్బాయిగారి నంబరు సంపాదించి ఆయనకు ఫోన్ చేయకు, మాస్టారిని పక్కన పెట్టినట్టవుతుంది. జవాబు రాకపోతే మూడు వారాలు ఆగు. అప్పటికి చెప్పడానికి కొత్త సంగతి ఉంటేనే, అంటే నువ్వు బిగించిన ఏదో ఇంటివాళ్లు ఒప్పుకుని తమ బిల్లు చూపిస్తామంటే, ఒక్కసారి రాయి. తర్వాత ఆపెయ్.

రేపు పొద్దున పది దాటాక పంపు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ. బొమ్మలో తూర్పు ఎటో స్పష్టంగా గుర్తు పెట్టు, మొన్నటిదాంట్లో లేదు.

మీ పెదనాన్న