తల వెనుక చదునుగా ఉంటే మెషిన్ కటింగ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. కూకట్‌పల్లిలో ఉంటాను. రోజంతా హెల్మెట్, చెమట, దురద. బాగా పొట్టిగా మెషిన్ కటింగ్ చేయించుకోవాలని ఉంది. కానీ తల వెనుక కుడివైపు చిన్నప్పటి నుంచీ చదునుగా ఉంటుంది. అందరికీ కనిపిస్తుందేమోనని టెన్షన్. జుట్టు ఉంచుకోవడమే మంచిదా?

జవాబు: పక్కలు తగ్గించండి, వెనుక మాత్రం కాస్త ఉంచండి. తలంతా ఒకే నంబర్ మీద కొట్టిస్తే జుట్టు పుర్రె ఆకారాన్నే చూపిస్తుంది.

పసితనంలో ఎముక మెత్తగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కకు తల పెట్టి పడుకుంటే అటువైపు ఇలా చదునవుతుంది. పెద్దయ్యాక దానివల్ల హాని లేదు, దిండ్లతో, మసాజులతో అది మారదు కూడా. మెడకు పైన, తల వెనుక సరిగ్గా మధ్యలో గట్టిగా తగిలే ఎముక బుడిపె కూడా మగవాళ్లలో మామూలే. కొత్తగా వచ్చిన గడ్డ, పెరుగుతున్న గడ్డ, నొప్పి పెట్టేది, దెబ్బ తగిలాక పడిన సొట్ట అయితే కటింగ్ సంగతి పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో మీ తిరుపతి గుండు ఫొటో ఉంటే, అదీ వెనుక నుంచి తీసినదైతే, సగం సందేహం అక్కడే తీరుతుంది. లేకపోతే తల తడిపి, జుట్టు అణిచి, ఎవరితోనైనా వెనుక నుంచి ఫొటో తీయించండి. నెత్తిమీద లైటు పడేచోట వద్దు, నీడ వల్ల చదును ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

మెషిన్ నంబర్లలో 2 అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, 4 అంటే 13. మొదట తలంతా 4 కొట్టమనండి. వెనుక అద్దం పట్టించుకుని చూడండి. బాగుంటే పక్కలు మాత్రం 2కు దింపమనండి, చదును భాగాన్ని 4 దగ్గరే ఆపేయమనండి. రెంటికీ మధ్య గీత పడకుండా 3తో కలపాలి. ఫేడ్ కావాలంటే చెవి పైవరకే. అంతకన్నా పైకి వెళ్తే చదును బయటపడుతుంది. చదును పక్కనే సుడి ఉంటే అక్కడ అసలు దింపనివ్వకండి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని చూపు అటే లాగుతాయి. అలాగని వెనుక బాగా పెంచినా లాభం లేదు. పొడవు పెరిగేకొద్దీ జుట్టు అణిగిపోతుంది, లోటు మళ్లీ కనిపిస్తుంది.

కటింగ్‌తో చెమట బాధ తగ్గుతుంది కానీ చుండ్రు పోదు. పొట్టు రాలుతుంటే 2 శాతం కీటోకొనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాలకీ తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. 2 నుంచి 4కు రావాలంటే మూడు వారాలు పడుతుంది కాబట్టి, పెళ్లికో ఇంటర్వ్యూకో ముందు వారం మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోకండి.