టెక్ సందేహాలు: వేదికపై పరిచయానికి కార్డులా, కాగితమా, ఫోనా?

ప్రశ్న: వచ్చే వారం ఒక సభలో ప్రధాన వక్తను రెండు నిమిషాల్లో పరిచయం చేయాలి. చేతిలో మైకు పట్టుకొని మాట్లాడాలట, ముందు బల్ల ఉండదట. పరిచయం మొత్తం ఫోన్‌లో టైపు చేసి పెట్టుకున్నాను. దాన్ని చూసి చదవడం మంచిదా, ప్రింట్ తీసుకోవాలా, చిన్న కార్డుల మీద రాసుకోవాలా? ఫోనే వాడాల్సి వస్తే ఏ సెట్టింగులు మార్చాలి?

జవాబు: మీరు చెప్పిన పరిస్థితిలో కార్డులే వాడండి. ఫోన్‌ను సిద్ధం చేసి జేబులో ఉంచుకోండి, అది అత్యవసరానికి మాత్రమే. పూర్తి ప్రింట్ ఇంట్లో సాధన చేయడానికి చాలు. మైకు పట్టుకోవడంతో మీకు మిగిలేది ఒక్క చెయ్యి, ముందు బల్ల కూడా లేదు. ఈ రెండు విషయాలే ఇక్కడ నిర్ణయాన్ని తేలుస్తున్నాయి.

ముందుగా ఫోన్ సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది దాన్నే నమ్ముకొని వేదిక ఎక్కుతారు. పరిచయం చేసే మనిషి తెరను తాకుతూ ఉండడు. ఒక వాక్యం చూసుకొని తల ఎత్తి సభ వైపు తిరిగి మాట్లాడతాడు. ఆ సమయమంతా ఫోన్ దృష్టిలో అది వాడకంలో లేనట్టే లెక్క, కాబట్టి గడువు ముగియగానే తెర ఆరిపోతుంది. కొన్నేళ్ల కిందట ఒక సభలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. వక్త చేసిన పరిశోధన గురించి సభికులను చూస్తూ నాలుగు వాక్యాలు చెప్పి, కిందికి చూసేసరికి తెర నల్లగా ఉంది. బొటనవేలికి చెమట పట్టి ఉండటంతో వేలిముద్ర పని చేయలేదు. మైకును చంకలో ఇరికించి, రెండో చేత్తో పిన్ నొక్కి ఫోన్ తెరిచేలోగా సభ అంతా నిశ్శబ్దంగా నా వైపే చూస్తోంది. ఆ వక్తకు దక్కాల్సిన శ్రద్ధ ఆ కాసేపు నా ఫోన్ మీదకు మళ్లింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తెర ఆరిపోకుండా చేయవచ్చు. ఐఫోన్‌లో `Settings > Display & Brightness > Auto-Lock` తెరిచి `Never` ఎంచుకోవాలి. `Low Power Mode` పనిచేస్తున్నప్పుడు ఈ గడువు 30 సెకన్లకు పడిపోయి, మార్చుకునే వీలు కూడా ఉండదు, అందువల్ల ముందు దాన్ని ఆపాలి. ఆండ్రాయిడ్‌లో `Settings > Display` లోపల `Screen timeout` ఉంటుంది, అక్కడ దొరికే అత్యధిక గడువు పెట్టుకోండి. ఆ తర్వాత `Airplane mode` వేయండి. అయితే అది వేసినంత మాత్రాన వైఫై కచ్చితంగా ఆగిపోతుందని అనుకోకూడదు. ఇంతకుముందు ఆ మోడ్‌లో మీరు వైఫైని ఆన్ చేసి ఉంటే చాలా ఫోన్లు ఆ సంగతి గుర్తుపెట్టుకొని దాన్ని అలాగే ఉంచుతాయి, వైఫై ఉంటే ఇంటర్నెట్ ద్వారా వచ్చే కాల్స్ మోగుతాయి. కాబట్టి వైఫైని విడిగా ఆపాలి. అలారాలు ఈ మోడ్‌లోనూ మోగుతాయి గనుక ఆ సమయానికి ఏదైనా పెట్టి ఉందేమో చూసుకోవాలి. ఇంటర్నెట్ లేనప్పుడు ఆన్‌లైన్‌లో దాచిన డాక్యుమెంట్ తెరుచుకోకపోవచ్చు, అందుకని పరిచయాన్ని పీడీఎఫ్‌గా ఫోన్‌లోనే దింపుకొని, ఈ మార్పులన్నీ చేశాక ఒకసారి తెరిచి చూడండి.

ఇవన్నీ సరిచేసినా ఫోన్‌తో ఒక చిక్కు మిగిలే ఉంటుంది, అది సెట్టింగులకు లొంగేది కాదు. నిలబడి ఛాతీ ఎత్తున పట్టుకున్నప్పుడు చదవడానికి వీలైన పెద్ద అక్షరాలు పెడితే తెర మీద కొన్ని వరుసలే పడతాయి, మిగతాది వేలితో జరుపుకుంటూ పోవాలి. జరిపిన ప్రతిసారీ వాక్యాల చోటు మారుతుంది. కార్డు మీద రాసిన మాట ఎక్కడుందో కన్ను గుర్తుపెట్టుకుంటుంది, ఉదాహరణకు వక్త పేరు కింది వరుసలో ఉందని సాధనలోనే అలవాటవుతుంది. ఫోన్‌లో ఆ ఆనవాలు దొరకదు, కాబట్టి తల ఎత్తి దించిన ప్రతిసారీ వెతుక్కోవాల్సిందే. సాధన బాగా చేసినవారు కూడా ఫోన్ చేతిలో ఉంటే చూపు ఎత్తకుండా చదివేయడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

పూర్తి ప్రింట్‌కు వేరే ఇబ్బంది ఉంది. మామూలు ఏ4 కాగితం పలుచన, ఒక్క చేత్తో పట్టుకుంటే పైభాగం వాలిపోతుంది. చేతిలోని చిన్న వణుకు కాగితం చివర పెద్దదై చివరి వరుస వారికీ కనిపిస్తుంది. ముందు బల్ల ఉండి, మైకు స్టాండుకు ఉంటే మాత్రం ప్రింట్‌కు మించింది లేదు. ఆ అవకాశం దొరికితే కాగితంలో పై మూడింట రెండు వంతులే వాడండి, కింది భాగం ఖాళీగా ఉంటే తల అంతగా దించనక్కర్లేదు. పేజీలకు పిన్ కొట్టకుండా, చదివినదాన్ని పక్కకు జరిపితే చప్పుడు రాదు.

ఇక కార్డులు తయారు చేసే పద్ధతి. ఏ4 కాగితాన్ని నాలుగు సమ భాగాలు చేస్తే వచ్చేది ఏ6, అంటే 105 × 148 మిల్లీమీటర్లు. అరచేతిలో సులువుగా ఇమిడే కొలత ఇదే. వర్డ్‌లో పేజీ సైజును ఏ6గా పెట్టి, అక్షరాల సైజు 18 దగ్గర ఉంచి, ప్రింట్ చేసేటప్పుడు ఒక షీటుకు నాలుగు పేజీలని ఎంచుకుంటే ఒకే కాగితం మీద కార్డులన్నీ వస్తాయి. కాగితం మందం 200 జీఎస్ఎమ్ చుట్టుపక్కల ఉంటే కార్డు వంగదు. మీ ప్రింటర్ అంత మందాన్ని తీసుకోకపోతే మామూలు కాగితం మీద ప్రింట్ తీసి అట్టకు అంటించినా సరిపోతుంది. మెరిసే ఫొటో కాగితం మాత్రం వద్దు, వేదిక దీపాల వెలుగు దాని మీద పడి అక్షరాలు కనిపించవు.

తెలుగులో ప్రింట్ తీసేవారికి రెండు జాగ్రత్తలు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి వరుసల మధ్య దూరం. వర్డ్‌లో `Line spacing` దగ్గర `Exactly` ఉంటే, ఆ కొలత చాలనప్పుడు కింది ఒత్తులు, పైన గుడులు కోసుకుపోతాయి. ‘శాస్త్ర’లో ఒత్తులు తెగితే హడావిడిలో ఏ మాటో పోల్చుకోవడం కష్టం. అక్కడ `Multiple` ఎంచుకొని 1.5 ఇవ్వండి. రెండోది ఫాంటు. మీ కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంటు ప్రింట్ తీసే చోట లేకపోతే అక్షరాల రూపం మారిపోతుంది, పాత నాన్-యూనికోడ్ ఫాంటులో టైపు చేసినదైతే అర్థం లేని గుర్తులు వస్తాయి. వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ పట్టుకెళితే ఈ బెడద ఉండదు, ఎందుకంటే ఫాంటు సాధారణంగా ఆ ఫైలులోనే కలిసి వెళుతుంది.

కార్డుల మీద ఏం రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. వక్త నది చేపల మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త అనుకోండి. మీరు టైపు చేసుకున్న పరిచయంలో ఆమె చదువు, ఉద్యోగాలు, పురస్కారాలు అన్నీ ఉండి ఉంటాయి. ముందు దాన్ని బిగ్గరగా చదివి ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలవండి. రెండు నిమిషాలు దాటితే సభికులకు ఈ ప్రసంగం ఎందుకు వినాలో చెప్పే విషయాలు ఉంచి, మిగతావి తీసేయండి. తర్వాత మూడు కార్డులుగా విడగొట్టండి. మొదటి దాని మీద మీ తొలి వాక్యం పూర్తిగా, ఉన్నదున్నట్టు రాయండి, గొంతు తడబడేది అక్కడే. రెండో దాని మీద వాక్యాలు వద్దు, ఇలా ముక్కలు చాలు: ‘ఇరవై ఏళ్లు – నది చేపలు’, ‘వలస దారుల పటం’, ‘జాలరులతో కలిసి లెక్కింపు’. వీటిని చూసి మీ సొంత మాటల్లో చెప్పగలగాలి, చెప్పలేకపోతే ఇంకా సాధన కావాలని అర్థం. మూడో దాని మీద ప్రసంగం శీర్షిక, ఆమె హోదా, పేరు మళ్లీ పూర్తిగా, పెద్ద అక్షరాల్లో రాయండి. ఈ మూడింటిలో ఒక్క పొరపాటు దొర్లినా అది ఆమెకు నొప్పి కలిగిస్తుంది, అందుకే వాటిని జ్ఞాపకానికి వదలకూడదు.

ఒక వైపే రాసి, కుడి పై మూలన 1, 2, 3 అని అంకెలు వేయండి. ఎడమ పై మూలన రంధ్రం చేసి దారం కట్టుకుంటే చేజారినా వరుస చెదరదు. కార్డు మార్చే క్షణం అసలు పరీక్ష, ఎందుకంటే ఒక చేతిలో మైకు ఉంది. మైకును బొటనవేలు, మొదటి రెండు వేళ్లతో పట్టుకుంటే ఆ చేతి చివరి రెండు వేళ్లు ఖాళీగా ఉంటాయి. వాక్యం ముగించి మైకును కాస్త దించి, ఆ రెండు వేళ్లతో పై కార్డును వెనక్కి తిప్పండి. ఇంట్లో మైకుకు బదులు నీళ్ల సీసా పట్టుకొని పది సార్లు చేసి చూస్తే చెయ్యి అలవాటు పడుతుంది. మైకును నోటి దగ్గర ఉంచి మాట్లాడుతూ కార్డు తిప్పితే రాపిడి చప్పుడు స్పీకర్లలో వినబడుతుంది.

నా సలహా తలకిందులయ్యే పరిస్థితి ఒకటుంది. వేదిక మీద దీపాలు ఆర్పి వెనక తెర మీద బొమ్మలు చూపిస్తుంటే కార్డు మీది అక్షరాలు కనబడవు, అప్పుడు తనంతట తాను వెలిగే ఫోనే పనికొస్తుంది. నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టి, వెలుగు తగ్గించండి, లేకపోతే కింది నుంచి పడే కాంతిలో మీ ముఖం వింతగా కనిపిస్తుంది. అక్కడ కూడా కార్డుల మీద రాసుకున్న ముక్కలనే ఒకే తెరలో పట్టేలా పెట్టుకోండి, జరిపే పని తప్పుతుంది. సభ మొదలయ్యే ముందు వేదిక మీద నిలబడి, కార్డు పట్టుకొని ఒకసారి చదివి చూస్తే ఈ సంగతి అర నిమిషంలో తేలిపోతుంది.

జేబులో ఒక పెన్ను కూడా ఉంచుకోండి. సభకు ముందు వక్తను కలిసి, పేరును ఎలా పలకాలో, ప్రస్తుత హోదా ఏమిటో ఆమెనే అడగండి. మీకు పంపిన వివరాలు పాతవై ఉండొచ్చు. ఆమె చెప్పింది మూడో కార్డు మీద అక్కడికక్కడే దిద్దుకుంటే సరిపోతుంది.