మార్నింగ్ స్టార్ కనిపించాక ఎంట్రీ ఎక్కడ, స్టాప్ ఎక్కడ?

ప్రశ్న: డైలీ చార్ట్‌లో మార్నింగ్ స్టార్, అంటే దిగుతున్న ధర పైకి తిరుగుతోందని చెప్పే మూడు క్యాండిళ్ల పాటర్న్, చూసి మూడో క్యాండిల్ దగ్గర కొంటున్నాను. స్టాప్ తగిలి బయటికి వచ్చేశాక ధర మళ్లీ నేను అనుకున్న వైపే పోతోంది. అసలు ఎంట్రీ, స్టాప్ ఎక్కడ పెట్టాలి? దానికి తిరగేసిన రూపమైన ఈవెనింగ్ స్టార్‌కీ ఇదే పద్ధతా?

జవాబు: నాకూ చాలాకాలం ఇలాగే జరిగింది. మార్కెట్ ఎటు తిరుగుతుందో సరిగ్గానే పట్టుకునేవాణ్ణి, కానీ డబ్బు మాత్రం పోయేది. పాత ట్రేడ్లన్నీ రాసుకున్న నోట్‌బుక్ తీసి ఒక్కొక్కటీ చార్ట్ మీద మళ్లీ పెట్టి చూశాను. తప్పు ఒకే చోట దొరికింది. నేను మూడో క్యాండిల్ పైభాగంలో కొని, స్టాప్‌ని అదే మూడో క్యాండిల్ కనిష్ఠానికి కాస్త కింద పెట్టేవాణ్ణి. నష్టం తక్కువగా కనిపించాలన్న ఆశతో చేసిన పని అది. కానీ పాటర్న్ తప్పని తేలే చోటు అది కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే మూడు క్యాండిళ్లనూ ఒక్కటిగా కలిపి చూడండి. మొదటి క్యాండిల్ ఓపెన్, మూడో క్యాండిల్ క్లోజ్, మూడింటిలో అతి ఎక్కువ, అతి తక్కువ ధరలు తీసుకుని ఒక పెద్ద క్యాండిల్ గీస్తే, పైన చిన్న బాడీ, కింద పొడవాటి విక్ ఉన్న హ్యామర్ లాంటి ఆకారం వస్తుంది. ఈవెనింగ్ స్టార్‌ని అలా కలిపితే షూటింగ్ స్టార్ వస్తుంది. మూడో క్యాండిల్ మొదటి క్యాండిల్ బాడీలో సగం దాటి ముగియాలన్న నియమం వెనక ఉన్న కారణం కూడా ఇదే. సగం దాటితేనే అమ్మకందారులు సాధించినదాంట్లో ఎక్కువ భాగం వెనక్కి వచ్చినట్టు. హ్యామర్‌కి స్టాప్ ఎక్కడ పెడతాం? విక్ చివర కింద. ఆ చివర అంటే మామూలుగా నడుమ ఉన్న చిన్న క్యాండిల్, అంటే స్టార్, కనిష్ఠం. ఒక్కోసారి మొదటి లేదా మూడో క్యాండిల్ విక్ ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు దాన్నే తీసుకోవాలి.

మూడో క్యాండిల్ కనిష్ఠం ఈ పెద్ద క్యాండిల్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ధర అక్కడి దాకా తిరిగి రావడం చాలా మామూలు విషయం. అందుకే మీరు బయటికి వచ్చేశాక ధర పైకి పోతోంది.

నా నోట్‌బుక్‌లోని ఒక ట్రేడ్ చెబుతాను. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు గుండ్రంగా మార్చాను. ధర కొన్ని వారాలుగా 560 నుంచి దిగుతూ వచ్చింది. అంతకుముందు రెండుసార్లు 495 దగ్గర ఆగి పైకి తిరిగిన చరిత్ర ఉంది. మొదటి రోజు 512 దగ్గర మొదలై 500 దగ్గర ముగిసింది. గరిష్ఠం 513, కనిష్ఠం 498. రెండో రోజు 497 దగ్గర మొదలై, 492 దాకా దిగి, 498 దగ్గర ముగిసింది. బాడీ ఒక్క పాయింటే. మూడో రోజు 499 నుంచి 511 దాకా వెళ్లి 510 దగ్గర ముగిసింది, కనిష్ఠం 497. మొదటి క్యాండిల్ బాడీ సగం 506. దాన్ని దాటి ముగిసింది కాబట్టి పాటర్న్ పూర్తయింది. 14 రోజుల ఏటీఆర్ 10, అంటే రోజుకి సగటున 10 పాయింట్ల కదలిక ఉంది.

ముందు స్టాప్ నిర్ణయించాను. ఎంట్రీ సంగతి ఆ తర్వాతే. అతి తక్కువ ధర 492. సరిగ్గా దాని కిందే పెడితే చిన్న కుదుపుకే తగులుతుంది, ఎందుకంటే చాలామంది స్టాప్‌లు అక్కడే ఉంటాయి. నేను ఏటీఆర్‌లో నాలుగో వంతు దూరం వదులుతాను. ఇక్కడ అది 2.5. స్టాప్ 489.5 దగ్గర వచ్చింది. 495 సపోర్ట్ కూడా దానికి పైనే ఉంది. ధర 489.5కి దిగిందంటే స్టార్ కనిష్ఠం, పాత సపోర్ట్ రెండూ పోయినట్టే, ఇక ఆ ట్రేడ్‌లో ఉండడానికి కారణం లేదు.

ఇక ఎంట్రీ. మూడో క్యాండిల్ ముగింపు 510 దగ్గర కొంటే రిస్క్ 20.5 పాయింట్లు. పైన మొదటి రెసిస్టెన్స్ 530 దగ్గర ఉంది, అంటే వచ్చే లాభం 20. పోగొట్టుకోగలిగినంత కూడా రాదు. మూడో క్యాండిల్ గరిష్ఠం 511 దాటాక కొందామంటే లెక్క ఇంకా పాడవుతుంది. గరిష్ఠం దాటడం నమ్మకం పెంచే మాట నిజమే, కానీ ఆ నమ్మకానికి మనం ధర చెల్లిస్తున్నాం. మూడో క్యాండిల్ చిన్నగా ఉండి, పైన చాలా ఖాళీ ఉన్నప్పుడు మాత్రమే నేను ఆ పద్ధతి వాడతాను.

మూడో దారి పుల్‌బ్యాక్. మూడో క్యాండిల్ 497 నుంచి 511 దాకా ఉంది, సగం 504. అక్కడ లిమిట్ ఆర్డర్ పెట్టాను. స్టాప్ అదే 489.5, కాబట్టి రిస్క్ 14.5, 530 దాకా లాభం 26. ఇప్పుడు లాభం రిస్క్‌కి 1.8 రెట్ల దాకా ఉంది. స్టాప్‌ని దగ్గరికి లాగకుండా ఎంట్రీనే స్టాప్ వైపు తీసుకెళ్లడం అంటే ఇదే. మీరు మార్చుకోవాల్సింది కూడా ప్రధానంగా ఇదొక్కటే.

స్టాప్ దూరమైతే నష్టం పెరుగుతుందన్న భయం ఉంటుంది. దానికి జవాబు పరిమాణంలో ఉంది. ఖాతాలో 2,00,000 ఉండి, ఒక ట్రేడ్‌లో 1 శాతం, అంటే 2,000 మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డామనుకుందాం. 2,000ని 14.5తో భాగిస్తే 137 యూనిట్లు. 510 దగ్గరే కొంటే 20.5తో భాగించాలి, 97 యూనిట్లే వస్తాయి. రెండింట్లోనూ స్టాప్ తగిలితే పోయేది ఇంచుమించు అంతే.

తర్వాత ఏం జరిగిందంటే, మరుసటి రోజు ధర 503 దాకా వచ్చి నా ఆర్డర్ నిండింది. ఆ పై రోజు 496 దాకా పడింది. మూడో క్యాండిల్ కనిష్ఠం 497 కదా, నా పాత పద్ధతిలో అయితే ఆ రోజే బయటికి వచ్చేసేవాణ్ణి. ఆ సాయంత్రం నాకు టెన్షన్‌గానే ఉంది, కానీ స్టాప్ ముట్టుకోలేదు. 492 కిందికి వెళ్లలేదు. తర్వాత రెండు వారాల్లో 530 చేరింది.

పుల్‌బ్యాక్ కోసం ఆగితే కొన్ని మంచి ట్రేడ్లు మనం లేకుండానే వెళ్లిపోతాయి. ఇది నిజమైన ఖర్చే. మూడు రోజుల్లో ధర రాకపోతే ఆర్డర్ రద్దు చేస్తాను. ఈలోగా టార్గెట్ తాకి వెనక్కి వస్తే కూడా రద్దే, ఎందుకంటే అప్పటికి ఆ కదలిక అయిపోయింది. సగం క్లోజ్ దగ్గర, సగం పుల్‌బ్యాక్‌లో కొనేవాళ్లున్నారు. పై ఉదాహరణలో అలా చేస్తే సగటు 507, రిస్క్ 17.5, లాభం 23. పర్వాలేదు, కానీ నాకది చాలదు. 1.5 రెట్లు రాని చోట నేను దిగను.

మూడో క్యాండిల్ ముగిసే దాకా ఆగడం గురించి ఒక్క మాట. తెలుగులో మార్నింగ్ స్టార్‌ని వేగుచుక్క అంటాం, వేగుచుక్క పొడిచాక కూడా కాసేపు చీకటే ఉంటుంది. ఒకసారి ముగింపుకి గంట ముందు క్యాండిల్ చాలా బలంగా కనిపించి కొనేశాను. ఆ చివరి గంటలో ధర జారి, మొదటి క్యాండిల్ బాడీలో సగానికి కిందే ముగిసింది. అంటే నేను కొన్నది పాటర్నే కాదు. రెండు రోజుల్లో స్టార్ కనిష్ఠం కూడా పోయింది. ఆ నష్టం తర్వాత ముగింపు ధర చూడకుండా ఒక్కసారీ కొనలేదు.

అలాగే, ధర పక్కకి నడుస్తున్న చోట మధ్యలో ఇదే ఆకారం వస్తే వదిలేయండి. తిరగడానికి ముందు ఒక ట్రెండ్ ఉండాలి కదా. ఇక మొదటి, రెండో క్యాండిళ్ల మధ్య గ్యాప్ ఉండాలని పాత నియమం చెబుతుంది. ఇరవై నాలుగు గంటలూ నడిచే మార్కెట్లలో గ్యాప్ దాదాపు రాదు, కాబట్టి అక్కడ దాని కోసం పట్టుబట్టను. స్టార్ బాడీ మొదటి క్యాండిల్ బాడీతో పోలిస్తే బాగా చిన్నగా, దాని ముగింపు దగ్గరే ఉంటే చాలు. స్టార్ రంగు ఏదైనా పర్వాలేదు.

ఈవెనింగ్ స్టార్‌కి లెక్క అద్దంలో చూసినట్టే తిరగేయొచ్చు. మూడింటిలో అతి ఎక్కువ ధర పైన ఏటీఆర్‌లో నాలుగో వంతు వదిలి స్టాప్, మూడో క్యాండిల్ సగం దాకా ధర పైకి వచ్చినప్పుడు అమ్మకం. కానీ రెండు తేడాలు గమనించండి. షార్ట్‌ని, అంటే ముందు అమ్మి తర్వాత కొనే ట్రేడ్‌ని, మూసేది ఆస్క్ ధరకి, అంటే అమ్మేవాళ్లు అడిగే ధరకి. కొనేవాళ్లు ఇస్తామనే బిడ్ ధరతో గీసే చార్ట్‌లలో ధర మీ స్టాప్‌ని తాకనట్టు కనిపిస్తుంది, స్టాప్ మాత్రం తగిలి ఉంటుంది. కాబట్టి షార్ట్ స్టాప్‌కి ఆ రెండు ధరల తేడా, అంటే స్ప్రెడ్, కూడా కలపాలి. ఉదాహరణకి స్టార్ గరిష్ఠం 662, ఏటీఆర్ 12, స్ప్రెడ్ 0.5 అయితే స్టాప్ 665.5 దగ్గర పెడతాను.

రెండోది, మార్కెట్ మూసి ఉన్నప్పుడు వచ్చే వార్తకి ధర స్టాప్ దాటి నేరుగా పైన తెరుచుకోవచ్చు. అప్పుడు స్టాప్ ఆర్డర్ మనం రాసుకున్న ధరకి కాకుండా దొరికిన ధరకి నిండుతుంది. కొన్నప్పుడు కూడా ఇది జరుగుతుంది, కానీ ధర సున్నా కిందికి పోదు కాబట్టి నష్టానికి ఒక హద్దు ఉంది. షార్ట్‌లో ఆ హద్దు లేదు. అందుకే షార్ట్‌ని రాత్రికి ఉంచుకోవాల్సి వస్తే నేను లెక్కలో వచ్చిన యూనిట్లలో సగమే పెడతాను. చాలాసార్లు అసలు షార్టే చేయను. అప్పటికే కొని ఉన్నదాన్ని అమ్మి బయటికి రావడానికి ఈవెనింగ్ స్టార్‌ని వాడతాను, అందులో ఆ ప్రమాదమే ఉండదు.