రెండు నిమిషాల వీడియోలో మూడు తరాలు పట్టవు

ప్రశ్న: మాది చిన్న చేనేత వ్యాపారం. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కంటెంట్ క్రియేటర్ అవుతానంటోంది. ఆరు నెలల వీడియో కోర్సులో చేర్చాలా, ఎంబీఏకి పంపాలా? ముందు మా చీరల మీద పైసా ఖర్చు లేకుండా రెండు నిమిషాల వీడియో తీసి చూపించమన్నాను. మూడు తరాల చరిత్ర, అన్ని రకాల చీరలు అందులో రావాలన్నాను. నెల గడిచినా స్క్రిప్టే తేలలేదు. ఈ పని తనకు వస్తుందంటారా?

జవాబు: స్క్రిప్టు తేలకపోవడానికి కారణం మీ అమ్మాయి కాదు, మీరు ఇచ్చిన జాబితా. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంచి నెమ్మదిగా చదివితే, రెండు నిమిషాల్లో నూట యాభై మాటలకు మించి వినేవారి చెవికెక్కవు. మూడు తరాలనూ అన్ని రకాల చీరలనూ అందులో ఇమడ్చడం అనుభవం ఉన్నవారి వల్ల కూడా కాదు. అసాధ్యమైన పని అప్పగించి, దానితో పిల్ల సామర్థ్యాన్ని కొలవడం న్యాయం కాదు.

ఆ జాబితాను పక్కన పెట్టి, కొనేవారు మిమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నను ఒక్కటి ఆమెకు చెప్పండి. చీర అంచుల వెంట వరుసగా కనిపించే సన్నని రంధ్రాలను చూసి, లోపమనుకొని చీర తిప్పి పంపేవారు మీకూ తగిలే ఉంటారు. వీడియోకు ఆ ఒక్క విషయం చాలు.

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు కనిపించేది, కుడి వైపు వినిపించేది రాయమనండి. మొదటి పది సెకన్లలో బొటనవేలు అంచు మీద నెమ్మదిగా జరుగుతూ ఒక రంధ్రం దగ్గర ఆగుతుంది. మాట ఒక్కటే: “ఈ రంధ్రం చూసి మొన్న ఒకరు చీర తిప్పి పంపారు.” నమస్కారాలూ వ్యాపారం పేరూ ఇక్కడ వద్దు. తరువాతి నలభై సెకన్లు మగ్గం మీదివి. నేస్తున్న బట్ట వెడల్పు తగ్గిపోకుండా రెండు అంచులనూ లాగి పట్టే కర్ర, దాని కొనల్లోని సూదులు, కొంత నేశాక దానిని ఊడదీసి ముందుకు జరిపి మళ్లీ గుచ్చడం దగ్గరగా చూపాలి. నాడె పరుగెత్తే చప్పుడు వినిపించే పది సెకన్లు మాట లేకుండా వదిలేయాలి. కొత్తగా రాసేవారికి కష్టమనిపించేది ఇదే, ఖాళీ కనబడితే చాలు వాక్యం పెట్టేస్తారు.

యాభయ్యో సెకనుకు అదే అంచు, తడిపి ఆరబెట్టిన తరువాత. నూలు చీరలో పోగులు సర్దుకొని రంధ్రాలు చాలావరకు కలిసిపోతాయి. మీ చీరలో ఎంత కలిసిందో అంతే చూపాలి, ఎక్కువ చెప్పకూడదు. ఇవి చేనేతకు రుజువు అని కూడా రాయకూడదు, ఎందుకంటే మరమగ్గం బట్ట అంచుల్లోనూ ఇలాంటి గుర్తులు పడవచ్చు. ఎనభయ్యో సెకను నుంచి చీర పొడవు, పగటి వెలుతురులో రంగు, ఉతికే పద్ధతి. చివరి పదిహేను సెకన్లు ఫోన్ నంబరు తెర మీద కదలకుండా నిలవాలి, గొంతు కూడా దానిని చదవాలి.

ఖర్చు సంగతికి వస్తే, ఇంట్లో ఉన్న ఫోను చాలు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడితే నేత గరుకు తెలుస్తుంది, పసుపు రంగు బల్బు కింద తీస్తే చీర రంగు మారి, తిప్పి పంపేవారు ఇంకా పెరుగుతారు. మాటను మగ్గం దగ్గర కాక, తలుపులు మూసి దుప్పట్లు వేలాడదీసిన గదిలో విడిగా రికార్డు చేయాలి. చిత్రీకరణకు ముందే గడియారం పెట్టుకొని స్క్రిప్టును పైకి చదివితే, ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడ వాక్యం పొడవైందని తెలుస్తుంది.

కోర్సు విషయంలో నాకున్న అనుమానం దాచను. నా దగ్గరకు వచ్చిన ఇలాంటి కోర్సుల విద్యార్థుల్లో చాలామందికి ఎడిటింగ్ మీటలు వచ్చు, కానీ కొనేవారి ప్రశ్నను పట్టుకొని నూట యాభై మాటల్లో జవాబు రాయడం రాదు. చందాదారుల సంఖ్య జీతం కాదని కూడా వారికి ఎవరూ చెప్పరు. చేర్చే ముందు, పాత విద్యార్థులు రాసిన స్క్రిప్టులు రెండు చూపించమని అడగండి. వీడియోలు చూపించి స్క్రిప్టులు దాటవేస్తే ఫీజు కట్టవద్దు. ఎంబీఏ ఎక్కడికీ పోదు, ఏడాది తరువాత కూడా చేరవచ్చు.

ఆమెకు ఈ పని వస్తుందా అన్న మీ దిగులుకు జవాబు ఆ వీడియోయే చెబుతుంది. చీర కొన్నవారందరికీ దానిని పంపి, రెండు నెలల పాటు రంధ్రాల గురించి వచ్చే ఫోన్లను ఒక పుస్తకంలో రాయించండి. ఫోన్లు తగ్గితే తరువాతి ప్రశ్న మీద రెండో స్క్రిప్టు రాయమనండి. తగ్గకపోతే, జనం వీడియోను ఎన్నో సెకను దగ్గర ఆపేశారో నలుగురిని అడిగి, అక్కడి నుంచి తిరగరాయమనండి. ఆ నెలల్లో మీరు మాత్రం తాతగారి ఫోటో పెట్టమని అడగవద్దు.