ఏడాది మొత్తం కాదు, నెల నెలా చూడాలి

“అన్నా, పర్లాకిమిడి సర్వే ప్రపోజల్‌లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌కి ఏడాదికి 7 పర్సన్-మంత్‌లే, 12 దాటలేదు, అయినా ఓవర్‌లోడ్ అంటున్నారు, ఎలా?”

తమ్ముడూ, ఏడాది మొత్తం చూస్తే ఇది దొరకదు. మొదటి పనికి 4 పర్సన్-మంత్‌లు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 6 నెలలకి సమానంగా పరిచావనుకో, నెలకి 0.67 పడుతుంది, రెండో పనికి 3 జూలై నుంచి డిసెంబర్ దాకా అంటే నెలకి 0.5, ఇప్పుడు జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లో రెండూ కలిసి 1.17 అయిపోతాయి, ఒక మనిషి నెలంతా పూర్తిగా పనిచేసినా 1 పర్సన్-మంత్‌కి మించదు, అదే తప్పు.

షీట్‌లో ఒక మనిషికి, ఒక పనికి, ఒక నెలకి ఒక వరస పెట్టు. A లో మనిషి ఐడీ, B లో పని, C లో నెల, D లో ఎఫర్ట్. E2 లో ఇది రాసి కిందకి లాగు:

```
=SUMIFS($D:$D,$A:$A,A2,$C:$C,C2)
```

E లో 1.001 దాటినవన్నీ ఎర్రగా చెయ్యి, సరిగ్గా 1 పెడితే దశాంశాల రౌండింగ్ వల్ల ఉత్తుత్తి ఎరుపులు వస్తాయి. పేరు బదులు ఐడీ ఎందుకంటే, ఒకే మనిషి పేరు ఒడియా ఆఫీసు కాగితాల్లో ఒకలా, మన దగ్గర ఇంకోలా రాసుంటే షీట్ ఇద్దరనుకుని ఓవర్‌లోడ్‌ని దాచేస్తుంది, నాకు బరంపురంలో అదే అయింది. అతను వేరే ప్రాజెక్టులో ఉంటే ఆ వరసలు కూడా ఇందులోనే వెయ్యి.

నీ కేసులో రెండో పనిని అక్టోబర్ నుంచి మార్చి దాకా జరిపితే ఏ నెలా 0.67 దాటదు, మొత్తం 7 అలాగే ఉంటుంది. కానీ రెండో పనికి వర్షాకాలంలోనే ఊళ్ళు తిరగాలంటే జరపకు, ఆ మూడు నెలలకి ఇంకో మనిషిని చూడు.